టవర్ మీంచి జారి బెల్టు మీద ఆగితే రిపోర్టు ఎలా రాయాలి

ప్రకాశం జిల్లాలో ఒక ఊరి చివర 40 మీటర్ల యాంగిల్ మొబైల్ టవర్. పొద్దున ఏడున్నర అయింది. 32 మీటర్ల దగ్గర పాత రేడియో యూనిట్, అంటే ఆర్‌ఆర్‌యూ, దించి కొత్తది ఎక్కించే పని. రిగ్గర్ నిచ్చెన వదిలి యాంటెన్నా మౌంట్ పైపు మీద కాలు పెట్టాడు. పైపును పట్టి ఉంచే యూ-బోల్టు నట్టు వదులుగా ఉంది, కాలి బరువుకి పైపు గిర్రున తిరిగింది. అతను కిందికి జారిపోయాడు. వీపు వెనక హార్నెస్‌ని టవర్‌కి కలిపే తాడు, లాన్‌యార్డ్, బిగిసి గాలిలో ఆగాడు. తోటి రిగ్గర్ పక్కకు చేరి అతన్ని మళ్ళీ నిచ్చెన అందుకునేలా చేయడానికి ఆరు నిమిషాలు పట్టింది. కుడి కాలి ముందు ఎముక మీద చర్మం లేచిపోయింది, తొడల దగ్గర పట్టీలు ఒరుసుకుని కమిలింది.

కిందికి దిగాక సబ్‌వెండార్ సూపర్‌వైజర్ నాతో అన్న మొదటి మాట: "ఏం కాలేదు కదన్నా, ఇంక దీనికి రాతకోతలెందుకు?"

ఆ సైటు భద్రత నా బాధ్యత. రాతకోతలు ఎందుకో, ఎలాగో ఆ రోజు చేసిన క్రమంలోనే చెప్తాను. మీ సైటులో ఇలాంటిది జరిగినప్పుడు ఇదే వరసలో చేయండి. వరస తప్పితే కొన్ని ఆధారాలు గంటలోనే పోతాయి, మళ్ళీ దొరకవు.

ముందు మనిషి సంగతి

బెల్టు మీద వేలాడుతున్న మనిషిని చూసి "పడలేదు, బతికాడు" అనుకుని ఊపిరి పీల్చుకోకండి. కాళ్ళు కదలకుండా వేలాడితే తొడల పట్టీలు రక్తాన్ని కాళ్ళలోనే ఆపేస్తాయి. మనిషి కొద్ది నిమిషాల్లోనే కళ్ళు తిరిగి పడిపోవచ్చు. అందుకని కింద నుంచి గట్టిగా మాట్లాడుతూనే ఉండండి. కాళ్ళు ఆడించమనండి, ఏదైనా యాంగిల్ అందితే దాన్ని పాదాలతో తొక్కమనండి. హార్నెస్‌కి కాలు పెట్టుకునే పట్టీ ఉంటే అందులో నిలబడమనండి. మావాడి హార్నెస్‌కి అది లేదు. తోటివాడు తన స్లింగ్‌ని ఉచ్చులా వేసి కాలికి అందించాడు.

అదే సమయంలో ఇంకొకరు నెట్‌వర్క్ కంట్రోల్ రూముకి ఫోన్ చేసి ఆ సెక్టార్ ఆపించాలి. వేలాడే మనిషి యాంటెన్నా ముందుకు వచ్చేస్తే దాని తరంగాలన్నీ నేరుగా అతని మీదే పడతాయి. ఈ ఫోన్ ఎన్ని గంటలకు చేశారో రాసుకోండి, రిపోర్టులో కావాలి.

కిందికి దించాక స్పృహలో ఉంటే మామూలుగా పడుకోబెట్టండి. ఇలా వేలాడినవాళ్ళని పడుకోబెట్టకూడదు, కూర్చోబెట్టే ఉంచాలి అని పాతకాలం శిక్షణలో చెప్పేవారు. బ్రిటన్ భద్రతా సంస్థ హెచ్‌ఎస్‌ఈ దీన్ని పరిశీలించి, ఆ సలహాకి ఆధారం లేదని, మామూలు ప్రథమ చికిత్సే చేయాలని తేల్చింది. ఆ తర్వాత "నాకేం లేదు సార్" అన్నా సరే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. వేలాడదీసిన పట్టీల ఒత్తిడి, కుదుపు తగిలిన మెడ, వెన్ను అప్పటికప్పుడు నొప్పి చూపించకపోవచ్చు. మూత్రం ముదురు రంగులో వస్తోందేమో గమనించి చెప్పమనండి. డాక్టరు రాసిన కాగితం జిరాక్సు మీ దగ్గర పెట్టుకోండి. గాయం వల్ల 48 గంటలు లేదా అంతకన్నా ఎక్కువ పనికి రాలేకపోతే, చట్ట ప్రకారం అధికారులకు నోటీసు ఇవ్వాల్సిన ప్రమాదమవుతుంది, త్రుటిలో తప్పిన ప్రమాదంగా, అంటే నియర్ మిస్‌గా మిగలదు. ఆ లెక్క తేల్చేది ఆ కాగితమే.

తర్వాత సామాను, టవర్ రెండూ కదలకుండా

మనిషిని పంపించాక అందరికీ కలిగే మొదటి కోరిక, వదులుగా ఉన్న నట్టు బిగించేయాలని. మంచి మనసుతోనే చేస్తారు. కానీ బిగించిన క్షణంలో అసలు కారణం చెరిగిపోతుంది. ఎవరినీ టవర్ ఎక్కనివ్వకండి. గేటుకు తాళం వేయించండి. ఫొటోలు అయ్యేదాకా ఏ నట్టునీ ఎవరూ ముట్టుకోకూడదు.

హుక్కు ఎక్కడ తగులుకుని ఆగిందో అది చాలా ముఖ్యం. మనిషిని విడిపించాలంటే హుక్కు తీయక తప్పదు, కాబట్టి తీసేవాడికి ముందే చెప్పండి: తీసే ముందు ఒక ఫొటో, తీశాక ఆ చోట పెయింట్ మార్కర్‌తో ఒక గీత. మా దగ్గర హుక్కు తీసిన తోటి రిగ్గర్‌కి ఆ సమయంలో ఫొటో తీసే తీరిక దొరకలేదు. కానీ గీత మాత్రం పెట్టాడు. ఆ గీత లేకపోతే తర్వాత వచ్చిన లెక్క ఏదీ వచ్చేది కాదు.

కింద ఒక శుభ్రమైన టార్పాలిన్ పరిచి హార్నెస్, లాన్‌యార్డ్, హెల్మెట్, ఒంటి మీదున్న పనిముట్ల సంచి విడివిడిగా పెట్టించండి. కడగొద్దు, తుడవొద్దు, మెలికలు విప్పొద్దు. విచ్చుకున్న షాక్ అబ్జార్బర్‌ని మడిచి మళ్ళీ కవర్‌లో దూర్చడం చాలామంది చేసే తప్పు. ఎంత విచ్చుకుందో అదే మన కొలత. పక్కన టేపు పరిచి ఫొటోలు తీయండి. మొదట మొత్తం సామాను కనిపించేలా, తర్వాత ఒక్కో వస్తువు, చివర దెబ్బతిన్న చోటు దగ్గరగా. దగ్గర ఫొటో ఒక్కటే తీస్తే అది ఏ వస్తువులో ఏ భాగమో రెండు నెలల తర్వాత మీకే గుర్తుండదు.

ఆ తర్వాత ఒక్కోదాన్ని పొడి సంచిలో వేసి, మూతి కట్టి, చీటీ అంటించండి. చీటీ మీద తేదీ, వేళ, సైటు నంబరు, ఏ వస్తువో, ఎవరు సంచిలో వేశారో రాసి ఇద్దరు సంతకం చేయాలి. సంచి ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్ళినా ఆ చీటీ మీద ఒక గీత పెరగాలి. సామాను అమ్మిన షాపువాడికి గాని, లేబర్ కాంట్రాక్టర్‌కి గాని ఒంటరిగా ఇచ్చేయకండి. "చూసి ఇస్తాం" అని తీసుకెళ్ళిన లాన్‌యార్డ్ తిరిగి రాకపోవడం నేను చూశాను. ఇంకా ఘోరం ఏమిటంటే, అలాంటి లాన్‌యార్డ్‌నే టేపు చుట్టి వేరే సైటులో కొత్త కుర్రాడికి ఇవ్వడం. ఒకసారి పడిన మనిషిని ఆపిన హార్నెస్, లాన్‌యార్డ్ ఇక ఎవరి ఒంటి మీదికీ వెళ్ళకూడదు.

లేబుల్ మీద ఉన్నది ఉన్నట్టు

హార్నెస్‌కీ లాన్‌యార్డ్‌కీ వేర్వేరు లేబుళ్ళు ఉంటాయి. రెండూ చూడండి. తయారీదారు పేరు, మోడల్, సీరియల్ లేదా బ్యాచ్ నంబరు, తయారైన నెల, సంవత్సరం, ఏ ప్రమాణం కింద తయారైందో. మన దగ్గర ఎక్కువగా కనిపించేవి హార్నెస్ మీద IS 3521 గాని EN 361 గాని, షాక్ అబ్జార్బర్ మీద EN 355. లాన్‌యార్డ్ లేబుల్ మీద దాని పొడవు కూడా ఉంటుంది, అది తప్పకుండా రాసుకోండి.

చదవడానికి రాని అక్షరాన్ని ఊహించి పూరించకండి. మావాడి హార్నెస్ లేబుల్ ఎండకి వెలిసి, చెమటకి చెరిగిపోయి ఉంది. నెల కనిపిస్తోంది, సంవత్సరం చివరి అంకె 1 లాగానో 7 లాగానో ఉంది. సూపర్‌వైజర్ 2021 రాయమన్నాడు. నేను "చివరి అంకె చదవడానికి రావడం లేదు" అనే రాశాను. అది రిపోర్టుకి లోపం కాదు. సంవత్సరం కనిపించని హార్నెస్‌ని పనికి ఇచ్చారన్నదే ఒక విషయం, అది అలాగే పైకి వెళ్ళాలి.

తనిఖీ రిజిస్టర్ కూడా తెప్పించి, ఆ సీరియల్ నంబరు ఎదురుగా చివరి తనిఖీ తేదీ చూడండి. ఒకే చేతిరాతతో, ఒకే పెన్నుతో ఆరు నెలల టిక్కులు ఒకే రోజు పడినట్టు కనిపిస్తే ఎవరినీ నిందించకుండా ఆ పేజీ ఫొటో తీసి జత చేయండి.

షాక్ అబ్జార్బర్ చెప్పే కథ

ఇక్కడ కాస్త ఆగి చదవండి. చాలా రిపోర్టుల్లో "హార్నెస్ పనిచేసింది" అన్న ఒక్క ముక్కతో వదిలేసేది ఇదే.

షాక్ అబ్జార్బర్ అంటే కలిపి నేసిన పట్టీని మడిచి కుట్టిన చిన్న పొట్లం. పడిన మనిషి బరువు లాగగానే ఆ నేత చిరుగుతూ పొడవు సాగుతుంది. మనిషి వేగాన్ని ఆ చిరుగు కొంచెం కొంచెంగా మింగేస్తుంది. EN 355 ప్రకారం మనిషి మీద పడే బలం 6 కిలోన్యూటన్లు దాటకూడదు. అంటే ఎంత దూరం పడ్డాడో దాన్నిబట్టే అది ఎంత సాగిందో ఉంటుంది. సాగిన పొడవు తెలిస్తే పడిన దూరం వెనక్కి లెక్క కట్టవచ్చు.

మావాడు చెప్పింది: "అర మీటరు జారానంతే సార్, వెంటనే ఆగిపోయాను." అబద్ధం చెప్పలేదు. ఆ క్షణంలో ఎవరికీ దూరం తెలియదు. అదే బ్యాచ్‌లో వాడని లాన్‌యార్డ్ పక్కన పెట్టి కొలిస్తే, పడినదాని పొట్లం 40 సెంటీమీటర్లు ఎక్కువ సాగి ఉంది. అతని బరువు 78 కిలోలు, సంచిలో పనిముట్లు తూకం వేస్తే 10 కిలోలు, మొత్తం 88. బరువు న్యూటన్లలో 88 × 9.81, అంటే సుమారు 863. ఆ పొట్లం సగటున 4000 న్యూటన్ల దగ్గర చిరుగుతుందని దాంతోపాటు వచ్చిన కాగితంలో ఉంది. మీ దగ్గర వేరే మోడల్ ఉంటే దాని అంకె వేసుకోండి. లెక్క ఇది, h పడిన దూరం, x సాగిన పొడవు, F చిరిగే బలం, W బరువు:

```
h = x × (F − W) / W
h = 0.40 × (4000 − 863) / 863 = 1.45
```

అర మీటరు కాదు, దాదాపు ఒకటిన్నర మీటరు. ఇప్పుడు ప్రశ్న, అంత దూరం ఎందుకు పడ్డాడు? లాన్‌యార్డ్ పొడవు 1.8 మీటర్లు. హుక్కు తలకన్నా పైన, వీపు మీది డీ-రింగ్‌కి దాదాపు ఒక మీటరు ఎత్తున వేశానని అతను చెప్పాడు, తోటివాడూ అదే చెప్పాడు. అలాగైతే 0.8 మీటరు పడగానే లాన్‌యార్డ్ బిగుసుకోవాలి. మిగిలిన 0.65 ఎక్కడిది?

అది టవర్ మీదే రాసి ఉంది. హుక్కు వేసింది అడ్డ యాంగిల్‌కి కాదు, ఏటవాలు బ్రేసింగ్‌కి. బిగుసుకోగానే హుక్కు ఆ ఏటవాలు వెంట కిందికి జారి, యాంగిళ్ళు కలిసే చోట ఉండే గుస్సెట్ ప్లేటు దగ్గర తగులుకుని ఆగింది. గాల్వనైజింగ్ మీద మెరిసే కొత్త గీత ఉంది. మార్కర్ గీత దగ్గర నుంచి పైకి కొలిస్తే, ఎత్తులో తేడా 65 సెంటీమీటర్లు. 0.8 కి 0.65 కలిపితే 1.45.

ఈ లెక్కకి హద్దులున్నాయి. హార్నెస్ పట్టీలు కూడా కొంత సాగుతాయి, హుక్కు ఒరిపిడి కొంత శక్తిని తినేస్తుంది, తడిసిన పొట్లం వేరుగా చిరుగుతుంది. మాకు అంకెలు అంత చక్కగా కలిసిరావడంలో కొంత అదృష్టం కూడా ఉంది. అందుకే రిపోర్టులో "సుమారు" అనే రాయండి. మాటలూ ఆనవాళ్ళూ ఒకదానికొకటి సరిపోతున్నాయా అని చూడటానికే ఇది. సరిపోకపోతే ఇంకేదో మిగిలి ఉందని తెలుస్తుంది. మనిషి మాట తప్పని తేల్చడానికి వాడకండి.

ఇంకో ప్రశ్న తప్పక అడగండి: లాన్‌యార్డ్ రెండో హుక్కు ఆ క్షణంలో ఎక్కడుంది? రెండు కాళ్ళ లాన్‌యార్డ్‌లో ఖాళీ హుక్కుని చాలామంది నడుం పక్క డీ-రింగ్‌కి తగిలించుకుంటారు. అప్పుడు ఆ ఖాళీ కాలు కూడా బరువు పట్టేసి షాక్ అబ్జార్బర్‌ని సాగనివ్వకపోవచ్చు. కుదుపు మొత్తం ఒంటికి తగులుతుంది. ఖాళీ హుక్కుకి బలంగా లాగితే ఊడిపోయే వేరే చోటు హార్నెస్ మీద ఉంటుంది, అక్కడే పెట్టాలి. మావాడి రెండో హుక్కు చేతిలో ఉంది. పడేటప్పుడు అది వదిలేస్తే ఎగిరి హెల్మెట్‌కి తగిలింది. హెల్మెట్ ఎడమ వైపు గుంట అదే.

హుక్కు నోరు కూడా చూడండి. నిలువుగా లాగితే బలంగా ఉండే హుక్కు పక్కకి వంచే బలానికి అంత ఆగదు. మావాడి హుక్కు గుస్సెట్ ప్లేటు అంచున అడ్డంగా ఒత్తుకుంది. గేటు మూసినా 3 మిల్లీమీటర్ల సందు ఉండిపోతోంది, స్ప్రింగ్ తిరిగి రావడం లేదు. ఈ రిపోర్టు మొత్తంలో నన్ను అన్నిటికన్నా భయపెట్టింది ఆ 3 మిల్లీమీటర్లు. పొట్లం విచ్చుకోవడం తన పని తాను చేయడమే. గేటు వంగడం మాత్రం వ్యవస్థ తన హద్దు దగ్గరికి వెళ్ళిందన్న గుర్తు.

మాట తీసుకునేటప్పుడు

పడినవాడి దగ్గర, చూసినవాడి దగ్గర విడివిడిగా అదే రోజు తీసుకోండి. వాళ్ళ భాషలో వాళ్ళని చెప్పనివ్వండి. మన సైట్లలో రిగ్గర్లు చాలామంది ఒడిశా, బీహార్, జార్ఖండ్ నుంచి వచ్చినవాళ్ళు. మావాడు ఒడియా, హిందీ కలిపి చెప్పాడు. హిందీ వచ్చిన మా టెక్నీషియన్ చేత రాయించి, చదివి వినిపించి సంతకం పెట్టించాం. "నువ్వు హుక్కు ఎందుకు అక్కడ వేశావు?" అని మొదలుపెడితే ఆ మనిషి తనని తాను కాపాడుకోవడం మొదలుపెడతాడు. "నిచ్చెన వదిలినప్పటి నుంచి ఏం చేశావో చెప్పు బాబూ" అని అడిగితే తనే చెప్తాడు: "అడ్డ యాంగిల్ మీద కేబుళ్ళు కట్టి ఉన్నాయి సార్, హుక్కు పట్టలేదు. అందుకే పక్కది."

అతని మీద నెట్టేసి ముగించి ఉంటే ఆ ఒక్క వాక్యం దొరికేది కాదు. హుక్కు వేయాల్సిన చోటంతా కేబుల్ టైలతో నింపేసింది మరో జట్టు, మరో నెలలో.

రాసేటప్పుడు

మొదటి రిపోర్టు ఆ రోజు సాయంత్రంలోపు వెళ్ళాలి. తెలిసింది తెలిసినంత, తెలియనిది "పరిశీలనలో ఉంది". పూర్తి రిపోర్టు తర్వాత. సూపర్‌వైజర్ రాసిన చిత్తుప్రతి ఇలా ఉంది: "రిగ్గర్ నిర్లక్ష్యం వల్ల జారాడు. పీపీఈ ధరించినందున ప్రమాదం తప్పింది. అందరికీ సూచనలు ఇచ్చాము." ఇందులో ఎత్తు లేదు, సామాను లేదు, కారణం లేదు. మేం పంపింది ఇది:

"32 మీటర్ల దగ్గర మౌంట్ పైపు యూ-బోల్టు నట్టు వదులుగా ఉండటంతో పైపు తిరిగి రిగ్గర్ జారాడు. రెండు హుక్కుల లాన్‌యార్డ్‌లో ఒక హుక్కు ఏటవాలు బ్రేసింగ్‌కి ఉంది, రెండోది చేతిలో ఉంది. సుమారు 1.45 మీటర్లు పడ్డాక షాక్ అబ్జార్బర్ 40 సెంటీమీటర్లు సాగి ఆపింది. హుక్కు బ్రేసింగ్ వెంట 65 సెంటీమీటర్లు దిగి గుస్సెట్ ప్లేటు దగ్గర ఆగింది; గేటు వంగింది, 3 మిల్లీమీటర్ల సందు. అడ్డ యాంగిల్ కేబుళ్ళతో నిండి హుక్కు పట్టే చోటు లేదు. హార్నెస్ లేబుల్‌పై తయారీ సంవత్సరం చదవడానికి రావడం లేదు. వేలాడిన సమయం 6 నిమిషాలు. కాలికి గాయం, ఆసుపత్రిలో చూపించాం."

తీవ్రత గడిలో ఏం రాయాలన్న దగ్గర గొడవ వస్తుంది. జరిగిన గాయాన్నిబట్టి చూస్తే "చిన్నది". కానీ రాయాల్సింది ఆ హుక్కు ఇంకో రెండు సెంటీమీటర్లు జారి ప్లేటు దాటి ఉంటే, గేటు తెరుచుకుని ఉంటే ఏమయ్యేదన్నది. 32 మీటర్ల మీంచి పడితే జవాబు ఒక్కటే. అందుకే "తీవ్రమైన నియర్ మిస్, ప్రాణాపాయ అవకాశం" అని రాసి ఆ కారణం పక్కనే పెట్టండి. రోజు కూలి మీద బతికే జట్టుకి ఇంకో సైటు దొరకదేమోనన్న భయంతో దాన్ని తగ్గించమని సూపర్‌వైజర్ అడుగుతాడు. భయం నిజమే. అందుకే నేను రిపోర్టులో జట్టు పేరు కన్నా ముందు నట్టు, కేబుళ్ళు, లేబుల్ రాశాను, వర్క్ ఆర్డర్ ఇచ్చినవాళ్ళు మొదట చదివేది వాటినే కాబట్టి.

పంపాక

రిపోర్టు వెళ్ళిన రోజే అదే బ్యాచ్ లాన్‌యార్డ్‌లు ఇంకెక్కడున్నాయో వెతికించండి. మా స్టోర్ లెక్కలో 14 ఉన్నాయి, చేతికి దొరికినవి 11. ఆ మూడింటిని వెతకడానికి నాలుగు రోజులు పట్టింది. ఒకటి కనిగిరి వైపు ఒక సైటులో, మిగతా రెండూ వెండార్ వ్యాను సీటు కింద, డీజిల్ మరకలతో. అవన్నీ పనిలోంచి తీసేశాం.

ఆ జట్టుకి రిగ్గింగ్ స్లింగ్‌లు ఇచ్చాం. అడ్డ యాంగిల్ మీద చోటు లేనప్పుడు లెగ్ చుట్టూ, జాయింటుకి పైన స్లింగ్ చుట్టి, దానికి హుక్కు వేయాలి. జాయింటు కింద ఉంటుంది కాబట్టి అక్కడైతే జారదు. ఆ టవర్ మీద కేబుళ్ళు విప్పి పక్కకి కట్టడానికి ఒక రోజు పని వేరుగా రాయించాం.

విచారణ అయిపోయాక, దాచాల్సిన అవసరం ఇక లేదని రాతపూర్వకంగా వచ్చాక, ఆ హార్నెస్‌ని, లాన్‌యార్డ్‌ని నేనే కత్తిరించాను. భుజాల పట్టీలు రెండు చోట్ల, తొడల పట్టీలు రెండు చోట్ల, లాన్‌యార్డ్ రెండు కాళ్ళూ. వంగిన హుక్కు ఒక్కటి శిక్షణ గదిలో ఉంచాం, గేటు పక్కన 3 మిల్లీమీటర్ల ఫీలర్ గేజ్ తాడుతో కట్టి. కొత్తగా వచ్చే రిగ్గర్ చేతికి రెండూ ఇచ్చి, ఆ సందులో గేజ్ దూర్చి చూడమంటాం.